మైకు పోయిందనే ముందు రికార్డరు పెట్టి చూడండి



పోయిన సంచికలో పాఠకుల ప్రశ్నల పేజీలో ఒకాయన, స్మార్ట్ వాచీలో ఫోను ఎత్తితే తన మాట అవతలివాళ్లకు వినపడటం లేదని రాశారు. "మైకు పాడయి ఉంటుంది, సర్వీసు సెంటరులో మార్పించుకోండి" అని మీ జవాబు. నేను తణుకులో 14 ఏళ్లుగా మొబైల్ రిపేరు దుకాణం నడుపుతున్నాను. ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. మాట వినపడకపోవడం రోగ లక్షణం మాత్రమే. అది చూసి మైకు చచ్చిపోయిందని తేల్చేయడం, జ్వరం వచ్చిందనగానే టైఫాయిడ్ మందులు రాసివ్వడం లాంటిది. మైకు పోయిందని ఎవరైనా చెబితే ఏ పరీక్ష చేసి చెబుతున్నారో అడగాలి. సర్వీసు సెంటరువాళ్లు ఆ పరీక్ష ఫలితాన్ని ఎస్టిమేటు కాగితం మీద రాసివ్వాలి. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఇందుకే.

మొన్న సంక్రాంతికి ముందు వారం జరిగింది చెబుతాను. మా వీధిలో ఒకావిడ పిండివంటలు చేసి అమ్ముతుంది. నేను అక్కా అని పిలుస్తాను. రెండు చేతులూ చలిమిడిలో ఉన్నప్పుడు ఆర్డర్లు వస్తే ఎత్తడం కష్టమని, వాళ్ల అబ్బాయి వేర్ ఓఎస్ మీద నడిచే వాచీ ఒకటి కొనిచ్చాడు. ఆ వాచీ పట్టుకుని సాయంత్రం కొట్టుకొచ్చింది. "తమ్ముడూ, నేను అరిచి చెప్పినా ఎవరికీ వినపడట్లేదురా. రెండు కేజీలంటే పది కేజీలని రాసుకున్నారు" అంది. చేతిలో ఒక సర్వీసు సెంటరు ఇచ్చిన కాగితం ఉంది. లోపల నీళ్లు దిగాయి, మైకూ స్పీకరూ పోయాయి, బోర్డు మార్చాలి, 6,800 రూపాయలు. ఏం పరీక్ష చేశారో ఆ కాగితం మీద ఒక్క ముక్క లేదు.

ముందు నేను వీధి చివరికి నడిచి వెళ్లి ఆ వాచీకి ఫోను చేశాను. ఆమె మాట నూతిలోంచి వస్తున్నట్టు సన్నగా వినపడింది. నా మాట ఆమెకు ముద్దగా, గుడ్డ అడ్డం పెట్టినట్టు వినపడిందట. తర్వాత వాట్సాప్ కాల్ చేశాను. ఈసారి ఆమె పెదాలు కదులుతున్నట్టు దూరం నుంచి కనపడుతోంది, నా ఫోనులో మాత్రం చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. ఈ తేడాయే అసలు కీలకం. అనుమతి లేని యాప్‌కు మాట బొత్తిగా అందదు, సగం సగం అందడం ఉండదు. సన్నగానో, ముద్దగానో వినపడుతోందంటే మైకు బతికే ఉంది, శబ్దం వెళ్లే దారిలో ఏదో అడ్డం పడి ఉంటుంది. అంటే ఒకే వాచీలో రెండు వేరు వేరు గొడవలు. కాగితం మీద రెండూ కలిపి బోర్డు ఖాతాలో వేసేశారు.

వాట్సాప్ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. వేర్ ఓఎస్ వాచీలకు వాట్సాప్ 2023లో వచ్చింది. అది వాచీలో విడిగా ఉండే యాప్, దాని మైకు అనుమతి కూడా వాచీలోనే విడిగా ఇవ్వాలి. ఫోనులో ఇచ్చిన అనుమతి దానికి చెల్లదు. మొదట్లో అడిగినప్పుడు, పిండి చేత్తో ఏది నొక్కిందో ఏమో, వద్దని నొక్కింది అక్క. వాచీలో Settings, అందులో Apps, అందులో వాట్సాప్, దాని కింద Permissions. అక్కడ Microphone అనుమతి లేనివాటి వరసలో కనపడింది. యాప్ వాడేటప్పుడు అనుమతించేలా మార్చాను. పేర్లు వాచీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి గానీ దారి ఇదే.

ఇక మామూలు కాల్. మైకూ స్పీకరూ రెండూ మందంగా ఉన్నప్పుడు దేని తప్పు ఎంతో తెలియదు కాబట్టి వాటిని విడదీయాలి. వాచీలో వాయిస్ రికార్డరు తెరిచి అక్క చేత ఒకటి నుంచి పది దాకా లెక్క పెట్టించాను. ఆ రికార్డింగును వాచీ స్పీకరులో వింటే లాభం లేదు, స్పీకరు మీదే అనుమానం ఉంది కదా. అందుకని నా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాచీకి జత చేసి విన్నాను. సన్నగా ఉంది, అయినా పది అంకెలూ ఉన్నాయి, మధ్యలో ఎక్కడా తెగలేదు. తర్వాత ఇయర్‌ఫోన్లు తీసేసి రింగ్‌టోన్ పూర్తి శబ్దంలో పెడితే స్పీకరు బొంగురుగా మోగింది. ఇక్కడే ఇంకో మాట. కాల్ శబ్దం, పాటల శబ్దం విడివిడిగా ఉంటాయి. కాల్ శబ్దాన్ని కాల్ నడుస్తుండగానే పెంచి చూడాలి. అది తగ్గి ఉండటం వల్లే నా దగ్గరకు వచ్చిన వాచీలూ ఉన్నాయి.

స్పీకరు బొంగురుకు కారణం లోపల చిక్కుకున్న నీరు. నీటి చుక్క గుర్తుండే వాటర్ లాక్ అక్క ఎప్పుడూ వాడలేదట. ఎందుకని అడిగితే, "కొన్నప్పటి నుంచీ అంతేరా. రంధ్రాలు మూసుకుపోయి మాట వినపడదని వేయొద్దన్నాడు అబ్బాయి" అంది. ఈ అపోహ ఎంతమందికి ఉందో నాకు తెలుసు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. వాటర్ లాక్ ఏ రంధ్రాన్నీ మూయదు. నీటి బొట్లు తెరను వేలు తాకినట్టు భ్రమింపజేయకుండా టచ్ పని ఆపేస్తుంది, అంతే. నీటిని ఆపేది లోపలి రబ్బరు సీళ్లు, రంధ్రాల వెనకుండే పలచటి పొర. అసలు ఈ మోడ్ తీసేటప్పుడే దాని ఉపయోగం. చాలా వాచీల్లో బటన్ నొక్కి పట్టుకుంటే లాక్ పోతుంది, ఆపిల్ వాచీలో అయితే పక్కనున్న క్రౌన్ నొక్కి పట్టుకోవాలి. అప్పుడు స్పీకరు వరసగా కొన్ని మోతలు చేస్తుంది. ఆ అదురుకు జాలీ వెనక చిక్కుకున్న నీరు బయటికి చిమ్ముతుంది. అక్క రోజుకు నలభై సార్లు చేతులు కడుగుతుంది, లాక్ మాత్రం ఎప్పుడూ వేసి తీయదు. నీళ్లు చేరుతూనే ఉన్నాయి, వాటిని చిమ్మే మోత ఒక్కసారీ మోగలేదు. నేను లాక్ వేసి తీయగానే స్పీకరు రంధ్రాల దగ్గర ఆవగింజంత తడి మెరిసింది. గుడ్డతో అద్ది, మళ్లీ లాక్ వేసి తీశాను. మూడోసారికి రింగ్‌టోన్ తేటపడింది.

మైకుకు ఆ సదుపాయం లేదు. స్పీకరు గాలిని నెట్టగలదు, మైకు నెట్టలేదు. దాని రంధ్రం సూది మొనంత. భూతద్దం కింద పెడితే తడి బియ్యప్పిండి, నెయ్యి కలిసి గట్టిపడిన తెల్లటి బిరడా కనపడింది. చూడగానే పిన్నీసు తీసుకోబుద్ధి అవుతుంది. సిమ్ తీసే పిన్ను అందుకే ఇచ్చారనుకుని పొడిచినవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గాలిని పోనిస్తూ నీటిని ఆపే పొర ఆ రంధ్రం వెనకాలే ఉంటుంది. దానికి చిల్లు పడిందంటే ఆ వాచీకి నీటి నుంచి ఇక రక్షణ లేదు, ఒక్కోసారి మైకు కూడా అక్కడే పోతుంది. గొట్టంతో గాలి కొట్టడం, స్పిరిట్ వేయడం, సబ్బు రాయడం కూడా వద్దు.

నేను చేసింది ఇది. వాచీ ఆఫ్ చేసి బెల్టు తీశాను. పిల్లల మెత్తటి బ్రష్ పొడిగా ఉండగానే రంధ్రం మీద పైపైన తిప్పి, వదులుగా ఉన్న పిండి రాల్చాను. అద్దానికి, అంచులకు పగుళ్లు లేవని చూసుకున్నాక, కుళాయి ధారగా కాకుండా గ్లాసుతో సన్నగా గోరువెచ్చని మంచినీళ్లు 10, 15 సెకన్లు పోశాను. ఆ వేడికి నెయ్యి మెత్తబడి బిరడా కొంత జారింది. నూగు రాలని గుడ్డతో తుడిచి, రంధ్రం కిందికి ఉండేలా ఫ్యాను గాలికి రాత్రంతా ఉంచాను. తడి ఆరేదాకా ఛార్జింగ్ పెట్టలేదు. మర్నాడు ఇంకోసారి అదే పని. రెండో రోజు సాయంత్రం మళ్లీ రికార్డరు పెట్టి ఒకటి నుంచి పది. ఈసారి ఆమె గొంతు ఆమె గొంతులాగే ఉంది. స్పీకరులో చిన్న గరగర మిగిలింది, పూర్తిగా పోలేదు. అయినా కేజీలు తప్పు వినపడే బాధ తప్పింది.

తక్కువ ధరలో దొరికే బ్లూటూత్ కాలింగ్ వాచీల దారి వేరు, మా దగ్గరకు ఎక్కువగా వచ్చేవి అవే. చాలావాటికి ఫోనుతో రెండు జతలు ఉంటాయి. ఒకటి యాప్ ద్వారా అడుగులు, మెసేజీలు చూపించే జత, రెండోది మాట నడిచే జత. మొదటిది ఉండి రెండోది తెగితే వాచీలో పేరు కనపడుతుంది, మోగుతుంది, మాట మాత్రం ఉండదు. ఇక్కడ యాప్ అనుమతులు ఎన్ని వెతికినా ఉపయోగం లేదు. ఫోను బ్లూటూత్ వరసలో వాచీ పేరు తెరిచి, ఫోన్ కాల్స్ అన్న మీట వేసి ఉందో లేదో చూడాలి.

కౌంటరులో కూర్చునేవాళ్ల ఇబ్బంది నాకు తెలియక కాదు. రోజుకు ఎంతోమంది వస్తారు. నీళ్లతో కడిగి ఇస్తే, రేపు ఇంకేదైనా పాడైతే ఆ నింద వాళ్ల మీదే పడుతుంది. అద్దం పగిలిన వాచీని నేనూ కడగను. 5 ఏటీఎం అని వెనక రాసి ఉన్నా అది కొత్త వాచీకి, నిలకడ నీటిలో చేసిన పరీక్షకు చెందిన మాట. వాడేకొద్దీ సీళ్లు బలం తగ్గుతాయి. అందుకని కడగమని నేను వాళ్లను అడగడం లేదు. అడిగేది రికార్డరు పరీక్ష, దానికి రెండు నిమిషాలు చాలు. "రికార్డరులో మాట సన్నగా ఉంది" అని గానీ, "బొత్తిగా లేదు" అని గానీ ఎస్టిమేటు మీద రాస్తే, 6,800 రూపాయలు పెట్టాలా వద్దా అన్నది కొనుక్కున్న మనిషి నిర్ణయించుకోగలరు. శుభ్రం చేసి, అన్ని అనుమతులూ ఇచ్చి, రెండు రోజులు ఆరబెట్టాక కూడా రికార్డింగు నిశ్శబ్దంగానే ఉంటే అప్పుడు మైకు పోయినట్టే. అప్పుడు మార్చండి, నాకు అభ్యంతరం లేదు.

మీకు ప్రశ్న రాసిన పాఠకుడు ఇంకా వాచీ సర్వీసుకు ఇచ్చి ఉండకపోతే, ఈ రాత్రికే రికార్డరులో ఒకటి నుంచి పది చదివి, ఇయర్‌ఫోన్లలో విని, ఏం వినపడిందో మీకు రాయమనండి. వాచీలో రికార్డరు లేకపోతే ఇంట్లో ఇంకెవరి ఫోనుకైనా కాల్ చేసి, అటువైపు మాట సన్నగా ఉందో, అసలే లేదో అడిగినా చాలు. ఆ జవాబును బట్టి తర్వాత ఏం చేయాలో వచ్చే సంచికలో ఆయనకు మీరే చెప్పగలరు.

ఇట్లు,
ఒక మొబైల్ రిపేరు దుకాణదారు,
తణుకు