బ్యాంకుకు క్షమాపణ లేఖ ఎందుకు రాయాలి?

బిచ్కుంద మండలంలోని మన సంఘ సభ్యుడొకరు తన బ్యాంకు కస్టమర్ కేర్‌కు పంపిన మెయిల్ కాపీ మా దగ్గరుంది. మొత్తం ఆరు లైన్లు. అందులో ‘దయచేసి’ అన్న మాట నాలుగుసార్లు, ‘నాదే తప్పు’ అన్న మాట రెండుసార్లు ఉన్నాయి. పోయిన డబ్బు 1,36,000 రూపాయలన్న సంగతి మాత్రం ఒక్కసారే, అదీ చివరన. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్ని విడతల్లో పోయిందో రాయలేదు. బ్యాంకుకు మొదటిసారి ఎప్పుడు చెప్పాడో రాయలేదు. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. లావాదేవీలు మీ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీలతోనే జరిగాయి, వాటిని ఇతరులకు ఇచ్చినట్టు మీరే ఒప్పుకున్నారు, కనుక ఫిర్యాదు మూసివేస్తున్నాం అని.

నిజానికి ఆయన ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. నెట్ సెంటర్‌లో మెయిల్ టైపు చేసిన కుర్రాడు, ఇలాంటివన్నీ ఓటీపీ చెబితేనే జరుగుతాయి కదా అనుకుని ఆ మాట తానే చేర్చాడు. మన రైతు సరేనని తలూపాడు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని బ్యాంకు చేతులు దులుపుకుంది.

జరిగింది ఇది. సోయా అమ్మిన డబ్బు పొదుపు ఖాతాలో పడింది. శనివారం సాయంత్రం ఊరి వాట్సాప్ గ్రూపులోకి పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు వచ్చింది. పంపింది తెలిసిన మనిషి నంబరే, ఎందుకంటే అతని ఫోను అంతకుముందే దొంగల చేతికి పోయింది. ఫైలు నొక్కితే అచ్చం బ్యాంకు పేజీలాంటిది తెరుచుకుని, ఈకేవైసీ పూర్తి చేయమని ఆన్‌లైన్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అడిగింది. మెసేజీలు చదివే అనుమతి కూడా అడిగింది. ఆయన ఇచ్చాడు. ఆ అనుమతి ఉంటే ఓటీపీ ఎవరినీ అడగనక్కర్లేదు. మెసేజీ ఫోనులోకి రాగానే దొంగకు చేరిపోతుంది. ఆ రాత్రి పదకొండు దాటాక 49,000, మళ్లీ 49,000, ఆ తర్వాత 20,000 పోయాయి. డబ్బు తగ్గినట్టు బ్యాంకు పంపే మెసేజీ ఆయన కంట పడనే లేదు. ఇలాంటి యాప్‌లు ఓటీపీని దొంగిలించడమే కాదు, హెచ్చరిక మెసేజీని కూడా దాచేయగలవు.

సోమవారం పొద్దున బ్యాంకులో పాస్‌బుక్ ప్రింటు వేయించాకే ఆయనకు తెలిసింది. కౌంటర్లో చెప్పాడు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయమన్నారు. పక్కనున్న తోటి రైతు ఫోను తీసుకుని మధ్యాహ్నం 12:07కి చేశాడు. హిందీలో మాట్లాడిన అమ్మాయికి ఈయన తెలుగు అర్థం కాలేదు, ఆమె మాట ఈయనకు సగమే అర్థమైంది. హోం బ్రాంచికి వెళ్లమని చెప్పి పెట్టేసింది. బ్రాంచికి తిరిగి వస్తే పోలీసు స్టేషనుకు వెళ్లమన్నారు. ఫిర్యాదు నంబరు ఎవరూ ఇవ్వలేదు, ఖాతాను ఎవరూ ఆపలేదు. మంగళవారం అదే ఖాతాలోంచి ఇంకో 18,000 పోయింది. మెయిల్ వెళ్లింది బుధవారం. బ్యాంకు రికార్డులో ‘మొదటి ఫిర్యాదు’ తేదీ కూడా బుధవారమే.

మన కొట్లాట ఇక్కడే ఉంది. ఎందుకో చెప్పాలంటే నిబంధన చూడాలి. ఎవరికీ తెలియని, బ్యాంకులు గోడ మీద అంటించని నిబంధన.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. గ్రామీణ బ్యాంకులతో సహా వాణిజ్య బ్యాంకులన్నింటికీ అది వర్తిస్తుంది. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకూ అలాంటిదే ఇచ్చింది. అనుమతి లేని లావాదేవీలో నష్టం ఎవరు మోయాలన్నది అందులో ఉంది. లోపం బ్యాంకుదైతే పూర్తిగా బ్యాంకే భరించాలి. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు లావాదేవీకి 10,000 రూపాయల వరకే ఖాతాదారు మీద పడుతుంది, జీరో బ్యాలెన్స్ ఖాతాకైతే 5,000. ఖాతాదారు నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితే మాత్రం, చెప్పేదాకా జరిగిన నష్టం ఆయనదే. కానీ చెప్పిన తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుదే.

అంటే మంగళవారం పోయిన 18,000 మీద వాదనే లేదు. మన రైతుది తప్పా కాదా అన్న చర్చ కూడా అక్కర్లేదు. సోమవారమే చెప్పాడు, బ్యాంకు ఆపలేదు. చెప్పగానే ఖాతాలో ఇంకేమీ పోకుండా చూడడం, వెంటనే నంబరుతో రసీదు ఇవ్వడం ఆ సర్క్యులర్ ప్రకారం బ్యాంకు బాధ్యత. బ్రాంచిలో చెప్పినా చెప్పినట్టే. ‘కస్టమర్ కేర్‌కు చెయ్యి’ అని తిప్పి పంపే హక్కు కౌంటర్లో కూర్చున్నవారికి ఎవరిచ్చారు?

మూడు రోజుల లెక్కలోనూ మోసపోతున్నాం. లెక్క మొదలయ్యేది డబ్బు పోయిన రోజు నుంచి కాదు, బ్యాంకు సమాచారం మనకు అందిన రోజు నుంచి. ఆ రోజును వదిలేసి, మన బ్రాంచి తెరిచి ఉండే రోజులనే లెక్కపెట్టాలి. దొంగ దాచేసిన మెసేజీ మనకు అందినట్టా? అందలేదనే మా వాదన. మెసేజీ పంపినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తీరదని 2019లో కేరళ హైకోర్టు కూడా చెప్పింది. ఎస్ఎంఎస్ హెచ్చరికకు ఖాతాదారు స్పందించలేదన్న కారణంతో బ్యాంకు తప్పించుకోజాలదని స్టేట్ బ్యాంకు వేసిన అప్పీలులోనే తేల్చింది.

ఇక మిగిలిన 1,18,000. ఇక్కడ బ్యాంకు ‘నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాట వాడుతుంది. మేము అబద్ధం చెప్పం. దొంగ పేజీలో పాస్‌వర్డ్ కొట్టింది మన రైతే. కానీ మోసపోవడం వేరు, నిర్లక్ష్యంగా ఇచ్చేయడం వేరు. అస్సాంలో ఒక ఖాతాదారు ఆన్‌లైన్లో కొన్న బట్ట వాపసు ఇవ్వబోతే, దుకాణం తరఫున అని మాట్లాడిన దొంగ ఆయన చేత ఒక యాప్ వేయించి 94 వేల పైచిలుకు లాగేశాడు. ఆయన 24 గంటల్లోపే బ్యాంకుకు చెప్పాడు. ఓటీపీ, ఎంపిన్ నువ్వే ఇచ్చావని స్టేట్ బ్యాంకు వాదించింది. గౌహతి హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును మార్చడానికి నిరాకరించింది. అన్ని కేసులూ ఇలాగే గెలుస్తాయని మేము అనడం లేదు. ఓటీపీ నోటితో చదివి వినిపించినవారి కేసు బలహీనంగానే ఉంటుంది. అయితే ఖాతాదారుదే తప్పని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉందని సర్క్యులర్ స్పష్టంగా చెబుతోంది. మనమే ముందుగా ‘నాదే తప్పు’ అని రాసిస్తే, వాళ్లు రుజువు చేయాల్సిన పనిని మనమే చేసి పెట్టినట్టు.

అందుకే రెండో మెయిల్ మేము కూర్చుని రాయించాం. కాపీ ఇక్కడ ఇస్తున్నాం, వాడుకోండి:

‘నా ఖాతాలో శనివారం రాత్రి 11 గంటల తర్వాత మూడు, మంగళవారం ఒకటి, మొత్తం నాలుగు లావాదేవీలు నా అనుమతి లేకుండా జరిగాయి. మొత్తాలు, రిఫరెన్స్ నంబర్లు కింద ఉన్నాయి. వీటిలో ఏదీ నేను చేయలేదు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. నకిలీ యాప్ ద్వారా నా లాగిన్ వివరాలు దొంగిలించబడ్డాయి. లావాదేవీల మెసేజీలు నాకు కనిపించలేదు. సోమవారం ఉదయం పాస్‌బుక్ ప్రింటు ద్వారా మొదటిసారి తెలిసింది. అప్పుడే బ్రాంచిలోనూ, మధ్యాహ్నం 12:07కి కస్టమర్ కేర్‌కూ తెలియజేశాను. కాల్ వివరం జతచేస్తున్నాను. తెలియజేసిన తర్వాత పోయిన 18,000 పూర్తిగా బ్యాంకు బాధ్యత. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం పది పనిదినాల్లో మొత్తాన్ని నా ఖాతాలో తిరిగి జమ చేయాలి. నా నిర్లక్ష్యం ఉందని మీరు భావిస్తే దానికి ఆధారాలు రాతపూర్వకంగా ఇవ్వండి. ఫిర్యాదు నంబరు పంపండి.’

ఇందులో ‘దయచేసి’ లేదు. అమర్యాద కూడా లేదు.

పది పనిదినాల జమ గురించి ఇంకో మాట. విచారణ ముగిసేదాకా ఆగకుండా, ముందు జమ చేసి తర్వాత విచారించుకోవాలన్నది నిబంధన. విచారణకు గడువు 90 రోజులు. జమ కూడా డబ్బు పోయిన తేదీ నుంచే లెక్కలోకి రావాలి. పంట రుణం ఖాతాలోంచి పోయినవాళ్లకు ఇది ప్రాణం లాంటిది. దొంగ తిన్న డబ్బుకు రైతు వడ్డీ కట్టాలా? ఆ బకాయి వల్ల గడువు తప్పి, సకాలంలో కట్టినవారికి వచ్చే వడ్డీ రాయితీ కూడా పోగొట్టుకోవాలా? అడగనిదే ఏ బ్యాంకూ ఈ తేదీ సరిచేయదు.

మెయిల్ కంటే ముందు చేయాల్సినవీ ఉన్నాయి. దొంగ యాప్ ఉన్న ఫోనుతో ఫిర్యాదు చేయొద్దు. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఇంకొకరి ఫోను నుంచి బ్యాంకుకు, 1930కి చేయాలి. కస్టమర్ కేర్ నంబరు పాస్‌బుక్ మీదిదో కార్డు వెనకదో వాడాలి, గూగుల్లో వెతికితే మళ్లీ దొంగలే దొరకవచ్చు. 1930లో ఎంత తొందరగా చెబితే, డబ్బు చేరిన ఖాతాను అంత తొందరగా స్తంభింపజేసే వీలుంటుంది. cybercrime.gov.in లోనూ నమోదు చేయవచ్చు. ఫోను వెంటనే చెరిపేయకండి, ఫైలు ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో స్క్రీన్‌షాట్లు కావాలి. బ్రాంచిలో చెప్పేటప్పుడు తెల్లకాగితం మీద రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముద్ర, తేదీ, సమయం వేయించుకోండి. వేయమంటే, ఎందుకు వేయరో రాసివ్వమనండి. అప్పటికీ కాదంటే సంఘానికి ఫోన్ చేయండి, పదిమందిమి వస్తాం.

బ్యాంకులను మేము అడుగుతున్నది పెద్దదేమీ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే ఈ సరిహద్దు మండలాల్లో ఫోన్ ఎత్తేవారికి వాటిలో ఒక్క భాషైనా రావాలి. కౌంటర్లోనే ఫిర్యాదు తీసుకుని నంబరు ఇవ్వాలి. రుణం వాయిదా ఒక్క రోజు ఆలస్యమైతే తెలుగులో చక్కగా ఫోన్ చేసేవారు ఉంటారు కదా, వారిలో ఒకరిని ఇటు కూర్చోబెట్టినా చాలు.

రెండో మెయిల్ వెళ్లిన పన్నెండో రోజున 18,000 తిరిగి పడింది. తోటి రైతు ఫోనులో మిగిలిన ఆ 12:07 కాల్ రికార్డే దాన్ని తెచ్చింది. 1,18,000 మీద బ్యాంకు పాత జవాబే మళ్లీ పంపింది. ముప్పై రోజులు గడిచాక cms.rbi.org.in ద్వారా ఒంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టించాం. దానికి ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. మొదటి మెయిల్‌లోని ‘నాదే తప్పు’ అన్న వాక్యం మాత్రం ఆ ఫైల్లో అలాగే ఉంది. అది ఎలా వచ్చిందో వివరిస్తూ నెట్ సెంటర్ కుర్రాడు సంతకం పెట్టిన కాగితం కూడా జతచేశాం.