మొత్తం కాదు, పద్దులు రాయండి

ఈ వారం చిత్తూరు నుంచి ఒక చిన్న కాంట్రాక్టరు తన క్లెయిమ్ పత్రం పట్టుకుని తిరుపతిలో నా దగ్గరికి వచ్చాడు. పుత్తూరు వైపు ఒక ప్రైవేటు కంపెనీకి రిటైనింగ్ గోడ, కాలువ కట్టిచ్చాడు. డబ్బు రాలేదు. ఆర్బిట్రేటర్ ముందు పెట్టడానికి ఎవరో రాసిచ్చిన పన్నెండు పేజీల్లో పదకొండు కంపెనీ చేసిన అన్యాయం గురించే. చివర్లో ఒకే వాక్యం: నష్టపరిహారంతో కలిపి ₹60 లక్షలు ఇప్పించవలెను. ఆ అరవై ఎలా వచ్చిందో పత్రంలో ఎక్కడా లేదు. చదివాక నాకు కోపం వచ్చింది. అతని కష్టం నిజం. అయితే అవార్డు వచ్చేది పద్దుకు.

1996 ఆర్బిట్రేషన్ చట్టం 23వ సెక్షన్ అడిగేవి మూడే: క్లెయిమ్‌ను నిలబెట్టే వాస్తవాలు, వివాదాంశాలు, కోరే పరిహారం. ఈ మూడూ ప్రతి పద్దుకూ విడివిడిగా కనిపించాలి. అతని కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, అంకెలు కాస్త మార్చి చెబుతున్నాను, మూడు పద్దులు తేలాయి.

మొదటిది, కంపెనీ ఇంజనీరే సర్టిఫై చేసిన చివరి రన్నింగ్ బిల్లు, ₹18,40,000. దీనికి పెద్ద వాదన అక్కర్లేదు. బిల్లు, దానిమీద సంతకం, ఎన్ని రోజుల్లో చెల్లించాలో చెప్పే కాంట్రాక్టు క్లాజు చాలు. రెండోది, ₹2 కోట్ల పనిమీద 5 శాతం చొప్పున పట్టుకున్న రిటెన్షన్, ₹10,00,000. లోపాల బాధ్యతా గడువు ముగిసిన తేదీ రాయకపోతే ఈ పద్దు నిలవదు, ఎందుకంటే ఆ రోజుదాకా అది అతనికి రావాల్సిన బాకీయే కాదు.

అసలు పోరాటం మూడోదాని మీద. పునాది తవ్వితే బండ పడింది. కంపెనీ మాత్రం మట్టి రేటే కట్టింది. 620 ఘనపు మీటర్లు. కాంట్రాక్టులో బండ రేటు ₹1,150, చెల్లించింది ₹300. తేడా ₹850 చొప్పున ₹5,27,000. ఇప్పుడు గోడ లేచింది, బండ కనబడదు. సాక్ష్యం ఎక్కడుంది? ఎం-బుక్కులో ఉండాలి.

ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను: పని చేసేవాడు కొలతల పుస్తకాన్ని కంపెనీ సొత్తు అనుకుని వదిలేయకూడదు. బండ తగిలిన రోజే ఉత్తరం రాయాలి, లెవెల్స్ తీసేటప్పుడు పక్కన నిలబడాలి, నమోదైన పేజీని అప్పుడే ఫోటో తీసుకోవాలి. మట్టి అని రాసుంటే, ఒప్పుకోవడం లేదని రాసి మరీ సంతకం పెట్టాలి. ఇవేవీ లేకపోతే బ్లాస్టింగ్ బిల్లులతో, ఫోటోలతో ఈదుకురావాలి.

మూడూ కలిపితే ₹33,67,000. వడ్డీని ఆ మొత్తంమీద గంపగుత్తగా అడగకూడదు. ఏ పద్దు ఏ రోజున బాకీ పడిందో ఆ రోజునుంచి లెక్కకట్టాలి. మొదటి పద్దుమీద 12 శాతం చొప్పున పద్దెనిమిది నెలలకు ₹3,31,200. వడ్డీ ఇవ్వబోమని కాంట్రాక్టులోనే రాసుంటే, అవార్డుకు ముందు కాలానికి ఆర్బిట్రేటర్ కూడా ఇవ్వలేడు. ఆ క్లాజు ముందే చూసుకోవాలి.

మరి మిగిలిన ₹26 లక్షల పైచిలుకు? మనోవేదన, పోయిన పరువు అన్నాడు. కొట్టేయించాను. 1991లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన నాగార్జునసాగర్ కాలువ కేసు, అసోసియేటెడ్ ఇంజనీరింగ్ కంపెనీది, గుర్తుచేశాను. నాపరాళ్ల ధర పెరుగుదల, నీళ్లు దూరంనుంచి తెచ్చిన ఖర్చు వంటి నాలుగు పద్దులకు కాంట్రాక్టులో ఆధారం లేదని కోర్టు వాటిని తీసేసింది. పద్దులు విడివిడిగా ఉన్నాయి కాబట్టే వాటిని మాత్రం వేరుచేసి తీసేయడం కుదిరింది. గంపగుత్త మొత్తంలో చెడ్డ పద్దు ఒకటి కలిసిందంటే మంచివాటినీ ముంచుతుంది.

ఇంతా చెప్పాక నా బాధ ఇంకొకటి. ఇతనికి కనీసం ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది. ఇదే గోడ మన రాష్ట్రంలో ఏదైనా ప్రభుత్వ శాఖకు కట్టి ఉంటే? 1983 నాటి 430వ జీవో తర్వాత ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ₹50,000 దాటిన వివాదాన్ని సివిల్ కోర్టుకు పంపే క్లాజే పాతుకుపోయింది. నలభై ఏళ్ల కిందటి యాభై వేలు! ఇవాళ ఒక కల్వర్టు రిపేరుకూ చాలని సొమ్ము అది. పైగా ఆలస్యం ఎవరివల్ల జరిగినా పరిహారం లేదనే 59వ క్లాజు. పొక్లెయిన్ అద్దె కట్టి, కూలీలకు వారంవారం చేతినుంచి ఇచ్చి, కోర్టు ఫీజు తెచ్చుకుని, దావా వేసి ఏళ్లతరబడి కూర్చోగలిగేది పెద్ద కాంట్రాక్టరే. చిన్నవాడు బాకీ వదిలేసి అప్పుల్లో పడతాడు. ఆ పరిమితిని ప్రభుత్వం ఇకనైనా ఎత్తేయాలి.

అంతదాకా పని మొదలుపెట్టేముందే వివాదాల క్లాజు చదవండి. బాకీ పడిన రోజు రాసిపెట్టుకోండి. మూడేళ్లలోపు నోటీసు అవతలివాళ్లకు చేరాలి. బండ పద్దుమీద చిత్తూరు మనిషికి ఇంకా నాలుగు నెలలే మిగిలాయి. ఎం-బుక్కు ఫోటోలు వెతకడానికి వెళ్లాడు.