చెప్పకుండా వెళ్ళినవారికి

చావు జరిగిన ఇంటికి వచ్చినవారు తిరిగి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు. ఇంటివారు లేచి గుమ్మందాకా సాగనంపకూడదు. పాడె మోసినవారు స్నానం చేసి వచ్చి, ఇంట్లో వెలిగించిన దీపం చూసి, నోరెత్తకుండా వెళ్ళిపోతారు. ఇదంతా మనకు తెలిసిన ఆచారమే. అయితే ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. పదమూడు రోజులూ మన ఇంట్లో అరిగిపోయేలా తిరిగినవారికి ఒక్క మంచిమాట చెప్పడానికి వీలైన ఘడియ ఒక్కటీ ఉండదు. ఆ తరువాతనైనా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చెబుదామంటే, భర్త పోయిన మనిషి కొన్నాళ్ళదాకా ఒకరి గుమ్మం తొక్కకూడదంటారు. నాకు ఆ పట్టింపు లేదు. అవతలివారికి ఉందో లేదో వాళ్ళను అడగలేం కదా!

అందుకని ఉత్తరాలు రాశాను. మావారు పోయి నెల దాటింది. ముప్ఫై ఒక్క పోస్టుకార్డులు పూర్తయ్యాయి. మిగిలినవారికి ఈ శీర్షికలో రాస్తున్నాను. పత్రికవారు ఈ వారం పేజీ ఇందుకు ఇచ్చినందుకు వారికీ నా నమస్కారం.

ఉత్తరం రాయడం అనుకున్నంత తేలిక కాలేదు. "కృతజ్ఞతలు" అని రాస్తే సభలో వందన సమర్పణలా ఉంటుంది. "థాంక్సు" అంటే మా పిన్నత్తగారికి కోపం వస్తుంది. "నన్ను పరాయిదాన్ని చేశావుటే?" అని ఫోనులోనే దులిపేస్తుంది. పైగా మన పాతవాళ్ళకు చావింటి ఉత్తరమంటే జంకు. అశుభలేఖ చదివిన వెంటనే చింపెయ్యాలి, ఇంట్లో ఉంచుకోకూడదు అంటారు. అందుకే పదమూడోనాడు శుభస్వీకారం అయ్యేదాకా ఒక్క కార్డూ పోస్టులో వెయ్యలేదు. అప్పుడైనా మూలలకు పసుపు పెట్టలేదు, పెట్టకపోతే ఏమనుకుంటారో అని బాధపడలేదు. పైన తేదీ వేసి, ఎవరికి ఏ వరస ఉంటే ఆ వరసతో మొదలుపెట్టాను. కార్డు ఇంట్లోకి రావడమే ఇష్టం లేదని నాకు తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళకు మాత్రం రాయలేదు, ఫోను చేశాను.

మరి ఏం రాయాలి? వాళ్ళు చేసిన పనే రాయాలని తోచింది. "మీరు చేసిన సహాయం మరువలేము" అన్న మాట ముప్ఫై ఒక్కరికీ ఒకేలా అతుకుతుంది, కాబట్టి ఎవరికీ అతకదు. కాని ఎవరేం చేశారో నాకెలా తెలుస్తుంది? ఆ రోజుల్లో నాకు పగలో రాత్రో కూడా తెలియదు. తెలిసిందంటే, అది మేడమీద అద్దెకున్నవారి అమ్మాయి పుణ్యం. కాలేజీ చదువుతోంది. మొదటిరోజు పొద్దున్నే నూరు పేజీల నోటుబుక్కొకటి పట్టుకుని కిందికి వచ్చింది. ఎడమపేజీలో ఇంట్లోకి వచ్చింది రాసింది: ఎవరి గిన్నె, ఎన్ని పాలు, ఎవరి చాపలు, ఎవరి కుర్చీలు. కుడిపేజీలో బయటికి వెళ్ళింది: ఏ ఖర్చు, ఎవరు పెట్టారు. ఎవరూ చెప్పమనలేదు. "మీరు తరువాత అడుగుతారు ఆంటీ, అప్పుడు ఎవరికీ గుర్తుండదు" అంది. ఈ కార్డులన్నీ ఆ పుస్తకం ముందు పెట్టుకుని రాసినవే.

మావారు తెల్లవారుజామున నాలుగింటికి ఇంట్లోనే పోయారు. మా అబ్బాయి బెంగుళూరు నుంచి రావాలి. పొద్దు గుంకేలోగా దహనం కావాలి. ఎదురింటివారి అబ్బాయి ఐదింటికల్లా మావాడికి విమానం టిక్కెట్టు తీసి, ఆ తరువాత మంచుపెట్టె కోసం బయలుదేరాడు. మావాడు రెండు గంటలకు ఇంట్లో అడుగుపెట్టాడు. ఆ కార్డులో నేను రాసింది ఇంతే: "నాయనా, వాడు తండ్రి ముఖం చూడగలిగాడంటే నువ్వు ముందు టిక్కెట్టు కొని, తరువాత మాకు చెప్పడం వల్ల." ఇంకొక వాక్యం రాయబోయి ఊరుకున్నాను.

పక్కింటి పిన్నిగారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చావింటికి భోజనం పంపడం అందరూ చేస్తారు. కాని కర్త ఇరుగుపొరుగు వండినది తినడు. జ్ఞాతులకూ నియమాలుంటాయి. మా ఇంట్లో పోపు పెట్టరు. సంగతి తెలియనివారు పులిహోరా, గుత్తివంకాయా పంపితే అవి అలాగే ఉండిపోతాయి, పంపినవారి మనసు నొచ్చుకుంటుంది. పిన్నిగారు మొదటే మా తోటికోడల్ని పక్కకు పిలిచి, "కర్త ఏం తింటాడు, ఎవరు వండాలి? పట్టింపు లేనివాళ్ళెందరు? పిల్లలెందరు?" అని అడిగింది. ఆ లెక్కన మడివంటకు బియ్యమూ పెసరపప్పూ విడిగా ఇచ్చి, బయటినుంచి వచ్చినవారికి, పిల్లలకు తన ఇంట్లోనే వడ్డించింది. రోజూ మూడు లీటర్ల పాలు మా పాలవాడికి ఆవిడే చెప్పింది. ఇదంతా ఒక ఎత్తు. రోజూ ఎనిమిదింటికి ఇడ్లీ ముక్కా, నా బి.పి. మాత్రా, గ్లాసుడు నీళ్ళూ పట్టుకుని వచ్చి, మింగేదాకా నిలబడేది. అడిగి ఇస్తే వద్దనేదాన్నే. ఆవిడ అడగలేదు. "పిన్నిగారూ, పదమూడు మాత్రలు" అని మొదలుపెట్టాను ఆవిడ కార్డు.

మావారితో పొద్దున్నే గోదావరి గట్టున నడిచే మాస్టారు ఒకరున్నారు. ఆయనకు ఓదార్చడం చేతకాదు. లోపలికి రాలేదు, నాతో ఒక్క మాటా అనలేదు. ఆ రోజే మావారిని చూస్తున్న డాక్టరు దగ్గర కాగితం రాయించుకున్నారు. శ్మశానంలో రసీదు తీసుకున్నారు. మరణం ఇరవైఒక్క రోజుల్లోగా నమోదు చేయించాలని 1969 నాటి చట్టం. గడువు దాటితే ఆలస్యపు రుసుమూ, ఇంకా దాటితే పై అధికారుల అనుమతీ, తిరుగుడూ తప్పవు. అది చాలామందికి తెలిసిందే. తెలియనిదేమిటంటే, మావారి పేరు ఆధారు కార్డులో ఒకలా, పెన్షను పుస్తకంలో ఒకలా ఉంది. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఒకదాంట్లో ఒక్క అక్షరం. మాస్టారు రెండూ పక్కపక్కన పెట్టుకుని, పెన్షను పుస్తకంలో ఉన్నట్టే నమోదు చేయించి, పది ప్రతులు తెచ్చారు. బ్యాంకుకొకటి, పెన్షను ఆఫీసుకొకటి, బీమాకొకటి... ఏడు అయిపోయాయి అప్పుడే. నాకు కుటుంబ పెన్షను కాగితాలు ఒక్కసారికే తీసుకున్నారంటే ఆ అక్షరాల వల్లనే. మా వీధిలోనే ఒకావిడ పేరు తేడాతో ఏడు నెలలు తిరిగింది. మాస్టారికి రాసిన కార్డులో ఓదార్పు ప్రసక్తి తేలేదు. ఆయన ఇబ్బంది పడతారు. "ప్రతులు ఇంకా మూడున్నాయి" అని రాశాను.

ఇక డబ్బు. కుడిపేజీలన్నీ కూడితే ఎనభైఆరు వేల నాలుగు వందల యాభై తేలింది. ఎక్కువభాగం మా మరిది పెట్టాడు. మా అబ్బాయి పదమూడోనాడు సాయంత్రం లెక్క చూసి అంతా ఇచ్చేశాడు. మరిది తీసుకున్నాడు, కట్టెల ఖర్చు మాత్రం తిరిగి బల్లమీద పెట్టాడు. "అన్నయ్యకు కట్టె నేను వేసుకున్నాను. అది అప్పు కాదు" అన్నాడు. మావాడు మళ్ళీ అందించబోతే నేనే కళ్ళతో వారించాను. పుచ్చుకోవడం కూడా తెలియాలి. మరిదికి రాసిన కార్డులో డబ్బు ఊసే లేదు. "కట్టెల రసీదు నకలు మీ అన్నయ్య కళ్ళజోడు పెట్టెలో దాచాను" అని రాశాను.

అన్నింటికన్నా కష్టమైనది మా పెద్దాడపడుచుకు రాసిన ఉత్తరం. అది కార్డులో పట్టలేదు. ఆవిడకు డెబ్భైనాలుగేళ్ళు. పదోరోజు తెల్లవారకముందే ఆడవాళ్ళు కొందరు వచ్చారు. భర్త పోయిన మనిషికి ఆఖరిసారి పూలు పెట్టి, గాజులు తొడిగి, బొట్టు పెట్టి, తరువాత అవన్నీ తీయించే తంతు మీలో చాలామంది చూసే ఉంటారు. ఎందుకు చేస్తారని అడిగితే ఆచారమంటారు. పురోహితుడుగారు "అది నా మంత్రాల్లో లేదమ్మా, మీ ఆడవాళ్ళ ఇష్టం" అని కోటిలింగాల రేవుకు వెళ్ళిపోయారు. నాకు మాట రాలేదు. నా చెల్లెలు ఏదో అనబోతే, "పుట్టింటివాళ్ళు కలగజేసుకోకూడదు" అని నోరు మూయించారు. అప్పుడు మా వదినగారు లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇరవై రెండేళ్ళ కిందట తనకూ ఇదే జరిగింది. "నాకు చేశారు. అది ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియదు, నాకు తెలుసు. దీనికి చెయ్యనివ్వను" అంది. గొంతు పెంచలేదు. మా ఇంటి ఆడపడుచు మాట దాటడానికి ఎవరికీ హక్కు లేదు కనుక, వచ్చినవారు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకరిద్దరు ఇప్పటికీ మాట్లాడటం లేదట.

వదినగారికి ఏమని రాయను? "వదినగారికి నమస్కారాలు. ఈ ఉత్తరం రాస్తున్న చేతికి గాజులున్నాయి. రాస్తుంటే చప్పుడవుతున్నాయి" అని రాశాను. తరువాత ఊళ్ళో వానల సంగతీ, మనవరాలి చదువు సంగతీ రాసి ముగించాను. ఆవిడ నుంచి జవాబు రాలేదు. ఫోను చేసి మాత్రం వానల సంగతే మాట్లాడింది.

చావింటి గిన్నెల సంగతి ఒకటి మిగిలింది. మామూలు రోజుల్లో ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి పంపం, కాస్త పంచదారైనా వేస్తాం. ఈసారి అన్నీ ఖాళీగానే వెళ్ళాయి, ఎవరూ ఏమీ అనుకోలేదు. గిన్నెలమీద పేర్లు చూసి పంపుదామని మొదట అనుకున్నారట. నోటుబుక్కు లేకపోతే ఊరంతా తారుమారయ్యేది. ఎందుకంటే మన గిన్నెలమీద చెక్కి ఉండేది వాడేవారి పేరు కాదు, ఎప్పుడో పెళ్ళిలో చదివించినవారి పేరు! పిన్నిగారి గిన్నెమీద విజయనగరంలో ఉండే వాళ్ళ మామయ్యగారి పేరుంది.

ముప్ఫై గిన్నెలు ఎవరివి వారికి చేరాయి. ఒక్క స్టీలు కారియరు మాత్రం మిగిలిపోయింది. మూడు గిన్నెలది. మూతమీద "గృహప్రవేశం 12-5-1996" అని ఉంది, పేరు లేదు. పుస్తకంలో నాలుగోరోజు ఎదురుగా "చారు, అన్నం, పెరుగు. ఎవరో సైకిలుమీద తెచ్చి గుమ్మంలో పెట్టారు" అని రాసి ఉంది. వీధిలో అందరినీ అడిగాం. ఎవరూ తమదనలేదు. అది మీదైతే, చారులో ఉప్పు సరిగ్గా ఉంది, పెరుగు పులవలేదు, పిల్లలిద్దరూ అదే తిని పడుకున్నారు. కారియరు తోమి, వంటింటి అలమారులో కింది అరలో పెట్టాను. సాయంత్రం నాలుగు దాటాక ఎప్పుడైనా ఇంట్లోనే ఉంటాను. ఈసారి వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాను" అని చెప్పవచ్చు.