మ్యూచువల్ ఫండ్ ఎన్‌ఏవీ: రూ.10 యూనిట్ చవకా.. రూ.500 యూనిట్ ఖరీదా? అసలు లెక్క ఇదీ

మ్యూచువల్ ఫండ్‌లో మొదటిసారి డబ్బు పెట్టేవాళ్లలో చాలామంది ముందు చూసేది ఎన్‌ఏవీనే. ఒక ఫండ్ యూనిట్ 10 రూపాయలకే వస్తోంది, ఇంకో ఫండ్ యూనిట్ 500 రూపాయలు ఉంది. ఇంకేం, 10 రూపాయలదే చవక, ఎక్కువ యూనిట్లు వస్తాయి, పెరగడానికి కూడా బోలెడు చాన్స్ ఉంటుంది అనుకుంటారు. కొత్త ఫండ్ ఆఫర్లు వచ్చినప్పుడు ‘యూనిట్ పది రూపాయలే’ అన్న మాట బాగా పనిచేసేది కూడా ఇందుకే. కానీ ఎన్‌ఏవీ అనేది కూరగాయల మార్కెట్‌లో కిలో రేటు లాంటిది కాదు. తక్కువ ఎన్‌ఏవీ ఉన్న యూనిట్ చవకైనదని అనుకోవడమే చిన్న మదుపరులు చేసే పెద్ద పొరపాటు. కొన్నిసార్లు తక్కువ ఎన్‌ఏవీ ఉన్నదే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

ఎన్‌ఏవీ ఎలా వస్తుంది?

ఎన్‌ఏవీ అంటే నెట్ అసెట్ వాల్యూ. ఫండ్ దగ్గరున్న ఆస్తుల విలువలోంచి అప్పులు, ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని మొత్తం యూనిట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె ఇది. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక స్కీమ్ దగ్గరున్న షేర్ల విలువ ఆ రోజు మార్కెట్ ముగిసేసరికి 98 కోట్ల రూపాయలు. చేతిలో నగదు 2 కోట్ల 30 లక్షలు. చెల్లించాల్సిన ఖర్చులు 30 లక్షలు. అంటే నికరంగా మిగిలింది 100 కోట్లు. ఆ స్కీమ్‌లో అప్పటిదాకా ఇచ్చిన యూనిట్లు 2 కోట్లు. 100 కోట్లను 2 కోట్లతో భాగిస్తే ఒక్కో యూనిట్‌కు 50 రూపాయలు. అదే ఆ రోజు ఎన్‌ఏవీ.

మర్నాడు ఆ స్కీమ్‌లోకి కొత్తవాళ్లు ఇంకో కోటి రూపాయలు పెట్టారనుకుందాం. 50 రూపాయల చొప్పున వాళ్లకు 2 లక్షల యూనిట్లు వస్తాయి. ఇప్పుడు ఆస్తి 101 కోట్లు, యూనిట్లు 2 కోట్ల 2 లక్షలు. భాగిస్తే మళ్లీ 50 రూపాయలే! కొనేవాళ్లు ఎగబడినా ఎన్‌ఏవీ పైసా పెరగదు. షేర్‌కూ యూనిట్‌కూ ఉన్న ప్రధానమైన తేడా ఇదే. షేర్ రేటును డిమాండ్ పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎన్‌ఏవీని కదిలించేది మాత్రం ఆ ఫండ్ కొన్న షేర్లు, బాండ్ల విలువే.

రూ.10 వేలు పెడితే ఎందులో లాభం?

వరంగల్‌లో బట్టల షాపులో పనిచేసే ఒకాయన 10 వేల రూపాయలు దాచుకున్నారనుకుందాం. ఆయన ముందు రెండు ఫండ్లున్నాయి. ఒకటి పాతది, ఎన్‌ఏవీ 500 రూపాయలు. ఇంకోటి కొత్తది, ఎన్‌ఏవీ 10 రూపాయలు. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి రెండూ ఒకే షేర్లను ఒకే నిష్పత్తిలో కొన్నాయని, ఖర్చులు కూడా సమానమేనని అనుకుందాం.

యూనిట్లు కొన్నప్పుడు 0.005 శాతం స్టాంప్ డ్యూటీ పోతుంది. 2020 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది. 10 వేలకు అది 50 పైసలు. మిగిలిన 9,999 రూపాయల 50 పైసలకు పాత ఫండ్‌లో 19.999 యూనిట్లు వస్తాయి. కొత్త ఫండ్‌లో 999.95 యూనిట్లు వస్తాయి. చూడ్డానికి రెండోదే గొప్పగా కనిపిస్తుంది.

ఏడాదిలో ఆ షేర్ల విలువ 12 శాతం పెరిగిందనుకుందాం. పాత ఫండ్ ఎన్‌ఏవీ 560 అవుతుంది, కొత్తదాని ఎన్‌ఏవీ 11 రూపాయల 20 పైసలు అవుతుంది. యూనిట్లతో గుణిస్తే రెండింటిలోనూ చేతికొచ్చేది అక్షరాలా 11,199 రూపాయల 44 పైసలు. పోనీ మార్కెట్ 10 శాతం పడిందా? అప్పుడూ రెండింట్లో మిగిలేది 8,999 రూపాయల 55 పైసలే. ఒకే రొట్టెను నాలుగు ముక్కలు చేసినా, నలభై ముక్కలు చేసినా రొట్టె పెరగదు కదా. ఇదీ అంతే.

మరి పాత ఫండ్ ఎన్‌ఏవీ 500 దాకా ఎలా వెళ్లింది? అది కూడా ఒకప్పుడు 10 రూపాయలతోనే మొదలై ఉంటుంది. ఇన్నేళ్లలో దాని షేర్లు పెరిగాయి కాబట్టి అక్కడికి చేరింది. అంటే ఆ అంకె వెనుక చూసుకోవడానికి ఒక చరిత్ర ఉంది. కొత్త ఫండ్‌కు ఆ చరిత్రే ఉండదు. ఐపీఓలో షేర్ దొరికితే లిస్టింగ్ రోజు లాభం రావచ్చు అన్న ఆశతో కొందరు కొత్త ఫండ్ ఆఫర్లకూ పరిగెడతారు. ఇక్కడ అలాంటి అవకాశం లేదు. ఆ 10 రూపాయలతో ఫండ్ మేనేజర్ మార్కెట్‌లో అదే రోజు రేటుకు షేర్లు కొనాల్సిందే. డిస్కౌంట్ ఎవరూ ఇవ్వరు.

ఒకే ఫండ్‌కు నాలుగు ఎన్‌ఏవీలు.. ఏంటీ తిరకాసు?

మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ వెబ్‌సైట్‌లో రోజూ ఎన్‌ఏవీల జాబితా వస్తుంది. అందులో ఒకే స్కీమ్ పేరు మీద మామూలుగా నాలుగు అంకెలు కనిపిస్తాయి. డైరెక్ట్ గ్రోత్, డైరెక్ట్ ఐడీసీడబ్ల్యూ, రెగ్యులర్ గ్రోత్, రెగ్యులర్ ఐడీసీడబ్ల్యూ. షేర్లు అవే, మేనేజర్ ఒక్కరే. అయినా ఎన్‌ఏవీలు వేరు. ఇక్కడ ‘తక్కువున్నదే తీసుకుందాం’ అనుకుంటే నష్టపోయేది కొనేవారే.

ముందు డైరెక్ట్, రెగ్యులర్ సంగతి. రెగ్యులర్ ప్లాన్‌లో డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చే కమీషన్ కూడా కలిసి ఉంటుంది. డైరెక్ట్ ప్లాన్‌లో ఆ కమీషన్ ఉండదు. 2013 జనవరి నుంచి డైరెక్ట్ ప్లాన్లు అందుబాటులోకి వచ్చాయి. ఈ కమీషన్‌కు విడిగా బిల్లు రాదు. ఫండ్ ఖర్చులన్నిటితో కలిపి రోజూ కొంచెం కొంచెంగా ఆస్తిలోంచి తీసేసి, ఆ తర్వాతే ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. ఉదాహరణకు ఏడాది ఖర్చు 1.8 శాతం అయితే, లక్ష రూపాయల మీద రోజుకు దాదాపు 5 రూపాయలు పోతుంది. స్టేట్‌మెంట్‌లో ఆ 5 రూపాయలు ఎక్కడా కనిపించవు. ఎన్‌ఏవీ కాస్త తక్కువగా పెరుగుతుంది, అంతే.

ఇదే పదేళ్లు సాగితే ఏమవుతుంది? రెండు ప్లాన్లూ 100 రూపాయల ఎన్‌ఏవీతో మొదలయ్యాయి. షేర్లు ఏటా 12 శాతం పెరిగాయి. డైరెక్ట్ ఖర్చు 0.8 శాతం, రెగ్యులర్ ఖర్చు 1.8 శాతం. ఇవన్నీ లెక్క కోసం అనుకున్న అంకెలే, రాబడికి హామీ కాదు. పదేళ్లకు డైరెక్ట్ ఎన్‌ఏవీ సుమారు 289 రూపాయలు, రెగ్యులర్ ఎన్‌ఏవీ సుమారు 264 రూపాయలు అవుతుంది. మొదట లక్ష పెట్టినవారికి తేడా దాదాపు 25 వేలు. ఇప్పుడు కొత్తగా వచ్చినవారు యాప్‌లో 264ను చూసి ‘ఇదే చవక’ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అది తక్కువగా ఉన్నది ఏటా ఎక్కువ కోత పడుతోంది కాబట్టి. అలాగని రెగ్యులర్ ప్లాన్ తప్పని కాదు. సలహా, సేవ అవసరమైనవాళ్లు ఆ ఖర్చు తెలిసి పెట్టుకోవచ్చు. తెలియకుండా పెట్టడమే సమస్య.

ఇక ఐడీసీడబ్ల్యూ. దీన్నే ఒకప్పుడు డివిడెండ్ ఆప్షన్ అనేవారు. అది ఫండ్ పైనుంచి ఇచ్చే బోనస్ అని జనం పొరబడుతున్నారని 2021 ఏప్రిల్ నుంచి సెబీ పేరు మార్పించింది. ఎన్‌ఏవీ 50 రూపాయలు ఉన్నప్పుడు యూనిట్‌కు 5 రూపాయలు పంచితే, ఆ మేరకు ఎన్‌ఏవీ 45కు పడిపోతుంది. ఎవరి జేబులోని డబ్బు వారికే తిరిగొచ్చినట్టు. పైగా వచ్చిన ఆ 5 రూపాయలను ఆదాయంలో కలిపి పన్ను లెక్కేస్తారు. కాబట్టి గ్రోత్ ఎన్‌ఏవీ కన్నా ఐడీసీడబ్ల్యూ ఎన్‌ఏవీ తక్కువ ఉందంటే, అందులోంచి కొంత డబ్బు ఇప్పటికే బయటికి వెళ్లిపోయిందని అర్థం.

ఏ రోజు ఎన్‌ఏవీ వర్తిస్తుంది?

యాప్‌లో ‘కొనండి’ అని నొక్కినప్పుడు కనిపించే ఎన్‌ఏవీ ముందు రోజుది. ఆ రేటుకే యూనిట్లు వస్తాయని గ్యారంటీ లేదు. మార్కెట్ ముగిశాక లెక్కలు కట్టి, రాత్రికి కొత్త ఎన్‌ఏవీ ప్రకటిస్తారు. ఈక్విటీ ఫండ్లకు కటాఫ్ మధ్యాహ్నం 3 గంటలు. అయితే ఆర్డర్ 3 లోపు పెడితే సరిపోదు. 2021 ఫిబ్రవరి 1 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం డబ్బు కూడా ఆలోపే ఫండ్ ఖాతాకు చేరాలి.

ఉదాహరణకు సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు ఒకరు యూపీఐతో డబ్బు కట్టారు. వాళ్ల బ్యాంకులో వెంటనే కట్ అయింది. కానీ మధ్యలో యాప్, పేమెంట్ గేట్‌వే దాటి ఫండ్ ఖాతాకు చేరేసరికి 4 గంటలైంది. అప్పుడు వర్తించేది మంగళవారం ఎన్‌ఏవీ. మధ్యలో సెలవొస్తే ఇంకా వెనక్కి జరుగుతుంది. సిప్‌లో కూడా డబ్బు కట్ అయిన తేదీ, యూనిట్లు వచ్చిన తేదీ వేరుగా ఉండటానికి కారణం ఇదే.

సరిచూసుకోవడం కష్టమేం కాదు. స్టేట్‌మెంట్‌లో యూనిట్లు కేటాయించిన తేదీ, ఎన్‌ఏవీ ఉంటాయి. యాంఫీ సైట్‌లో పాత తేదీల ఎన్‌ఏవీలు కూడా దొరుకుతాయి. ప్లాన్, ఆప్షన్ పేరు సరిగ్గా చూసి, ఆ తేదీ అంకెతో పోల్చాలి. కట్టిన మొత్తంలోంచి స్టాంప్ డ్యూటీ తీసేసి ఎన్‌ఏవీతో భాగిస్తే యూనిట్ల సంఖ్య సరిపోవాలి. పైసల్లో తేడా వస్తే అది రౌండింగ్ వల్ల కావచ్చు. అంతకు మించి తేడా ఉంటే డబ్బు ఎప్పుడు చేరిందో ఫండ్ సంస్థను అడగాలి.

మరి దేన్ని చూసి కొనాలి?

రెండు వేర్వేరు ఫండ్ల ఎన్‌ఏవీలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఏమీ తెలియదు. ఒకే ఫండ్ ఎన్‌ఏవీ అప్పుడెంత, ఇప్పుడెంత అన్నదే పనికొస్తుంది. ఆ పెరుగుదల దాని బెంచ్‌మార్క్ సూచీ కన్నా ఎక్కువా తక్కువా చూడాలి. ఎక్స్‌పెన్స్ రేషియో ఎంతో చూడాలి. త్వరగా తీసేస్తే పడే ఎగ్జిట్ లోడ్ కూడా చూడాలి, ఎందుకంటే అమ్మేటప్పుడు ఎన్‌ఏవీలోంచి ఆ మేరకు కోత పెట్టి మిగతాదే ఇస్తారు. ఈ మూడూ చూశాక యూనిట్ 10 రూపాయలా, 500 రూపాయలా అన్నదానితో పనే ఉండదు.