ఎక్కువ ఎండార్స్‌మెంట్లున్న నైపుణ్యమే పైన ఉండనక్కర్లేదు

సంపాదకులకు,

లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో ఎక్కువ ఎండార్స్‌మెంట్లు ఉన్న నైపుణ్యాన్నే పైన ఉంచాలన్న మీ వ్యాసకర్త సలహా ఉద్యోగం మారాలనుకునేవారికి నష్టం చేస్తుంది. ప్రొఫైల్ తెరిచినవారికి ముందు కనిపించేవి మొదటి ఒకటి రెండు నైపుణ్యాలే. మిగతావి చూడాలంటే ప్రత్యేకంగా నొక్కాలి.

మాన్యువల్ టెస్టింగ్ నుంచి డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న అమ్మాయినే తీసుకోండి. టెస్టింగ్‌కు నలభై, ఎస్‌క్యూఎల్‌కు నాలుగు ఎండార్స్‌మెంట్లు ఉన్నాయనుకుందాం. టెస్టింగ్ పైనుంటే చూసేవారు ఆమెను టెస్టర్ అనే అనుకుంటారు. తను కోరుకునే ఉద్యోగ ప్రకటనలు పదో పన్నెండో చదివి, వాటిలో మళ్లీ మళ్లీ అడిగినవాటిలో తనకు నిజంగా వచ్చినవి పైకి తేవాలి: ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, ఆ తర్వాతే టెస్టింగ్. వరుస మార్చినంత మాత్రాన పాత ఎండార్స్‌మెంట్లు పోవు. నైపుణ్యాన్ని తొలగిస్తేనే పోతాయి. కాబట్టి టెస్టింగ్‌ను తీసేయకుండా కిందికి దించితే చాలు.

ఇక నాలుగే ఉన్నాయన్న బెంగ. తన ఎస్‌క్యూఎల్ రిపోర్టులు వాడిన సహోద్యోగులను పేరుపెట్టి అడగాలి. పని చూడనివాళ్లు మొహమాటానికి నొక్కిన నలభై కన్నా, ఆ రిపోర్టులతో పని నడిపిన టీమ్ లీడ్ ఇచ్చిన ఒక్కటి ఇంటర్వ్యూలో నిలబడుతుంది.

– సుజాత, కూకట్‌పల్లి