అవ్వ మాటలు కాదు, మన ఉపోద్ఘాతం కోయాలి

ప్రాజెక్టు పని కోసం కృత్రిమ మేధ మోడళ్ళ దగ్గరికి పోవడం మన డిపార్టుమెంటులో ఇప్పుడు మామూలైపోయింది. మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే రోజు పెట్టుకుందాం. నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. పొడుగాటి ప్రశ్న ఇచ్చినప్పుడు మోడల్ అందులో కొంత చదవకుండానే వదిలేస్తుంది. ఏది వదలాలో మనం తేల్చకపోతే అదే తేల్చుకుంటుంది.

మోడల్ మన రాతను అక్షరాలుగానో పదాలుగానో లెక్కపెట్టదు. టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుంటుంది. ఒక్కసారికి ఇన్ని టోకెన్లే అని దానికో హద్దు ఉంటుంది. మన ప్రశ్న, అది రాసే జవాబు రెండూ ఆ హద్దులోనే ఇమడాలి. ఇక్కడే తెలుగువాళ్ళకు అసలు చిక్కు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు. ఒక్కో తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు, మొత్తం పద్దెనిమిది. ఇంగ్లీషులో అయిదు అక్షరాల మాటకు అయిదే బైట్లు. టోకెన్ల పట్టికలు ఎక్కువగా ఇంగ్లీషు రాతను చూసి తయారైనవి కాబట్టి అక్కడ మాటంతా ఒకే టోకెన్ అయినచోట ఇక్కడ అక్షరమే తునకలవుతుంది.

2024లో ఓపెన్‌ఏఐ సంస్థ కొత్త టోకెన్ల పట్టిక తెచ్చినప్పుడు తానే ఒక పోలిక ప్రకటించింది. అదే రెండు మూడు వాక్యాల పరిచయం ఇంగ్లీషులో పాత పట్టికతో 27 టోకెన్లు, కొత్తదానితో 24. తెలుగులో పాతదానితో 159, కొత్తదానితో 45. బాగుపడింది, నిజమే. అయినా ఇంకా ఇంగ్లీషుకు దాదాపు రెట్టింపు.

ఇప్పుడు మన తరగతిలో జరిగిందే చూద్దాం. నా స్నేహితురాలు కృష్ణగిరి వైపు ఒక పల్లెలో తన అవ్వతో మాట్లాడి, ఆ మాటలన్నీ రాసుకొచ్చింది. సుమారు 700 పదాలు. అందులోని బంధుత్వ పదాలు ఏరాలి. ల్యాబులో ఉన్న చిన్న మోడల్‌కు 2048 టోకెన్ల హద్దు పెట్టారు. ఆమె ముందు నమస్కారం రాసింది. తర్వాత ‘నువ్వు గొప్ప భాషాశాస్త్రవేత్తవి’ అంది. మన కాలేజీ గురించి, తమిళనాడు తెలుగువాళ్ళ వలసల గురించి, ప్రాజెక్టు గొప్పతనం గురించి ఇంకో నూరు పదాలు. దాని కింద అవ్వ మాటలు మొత్తం. చిట్టచివర అసలు ప్రశ్న.

వచ్చిన జవాబు బంధుత్వ పదాల జాబితా కాదు. అవ్వ పెళ్ళి ముచ్చట్ల సారాంశం, అదీ చక్కటి పుస్తక తెలుగులో. “ఏమే, ఇది ఒట్టి సోమరిపోతులా ఉందే” అని ఆమె నవ్వింది. అది సోమరితనం కాదు. ఉపోద్ఘాతానికి 400 టోకెన్లు, అవ్వ మాటలకు 2600, మొత్తం మూడు వేలు. హద్దు దాటిన తోకను ఆ ప్రోగ్రాం చప్పుడు చేయకుండా కత్తిరించింది. ప్రశ్న ఉన్నది ఆ తోకలోనే. సారాంశంలో పెళ్ళి ఉంది గానీ, ఆ తర్వాత వచ్చే ఆస్తి పంపకం ఊసే లేదు. కోత పడిందని పట్టుకోవడానికి అదే గుర్తు. మనం ఇచ్చినదాని చివరి భాగం జాడ జవాబులో ఉందో లేదో చూడాలి. అన్ని ప్రోగ్రాములూ తోకనే కోయవు. కొన్ని ‘ఎక్కువైంది’ అని ఆపేస్తాయి. ముచ్చట సాగేకొద్దీ మొట్టమొదటి మాటల్ని వదిలేసేవీ ఉన్నాయి.

సరే, కుదించాలి. ఎలా? మనకు బడి నుంచీ నేర్పింది సంక్షేప రచన. మూడో వంతుకు తగ్గించు, ఉదాహరణలు తీసెయ్, సారం ఉంచు అని. నా అభిప్రాయంలో ఇక్కడ ఆ అలవాటే చేటు చేస్తుంది. సారం ఉంచి ఉదాహరణలు తీసేస్తే ‘చిన్నాయన’ పోయి ‘బాబాయి’ వస్తుంది. ‘నాయన’ పోయి ‘నాన్న’ వస్తుంది. అప్పుడిక ఏరడానికి ఏముంది? మోడల్‌నే కుదించమన్నా అదే చేస్తుంది, ఇంకా నున్నగా చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే టోకెన్లు కలిసొస్తాయని కొందరంటున్నారు. కలిసొస్తాయేమో గానీ ల, ళల తేడా, న, ణల తేడా చెరిగిపోతాయి. యాస మీద ప్రాజెక్టు చేస్తూ అది పోగొట్టుకోలేం.

కాబట్టి ముందు మన మాటలు కోయాలి. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి, ఇది తీసేస్తే జవాబు మారుతుందా అని చూడాలి. నమస్కారం తీస్తే మారదు. పొగడ్త తీస్తే మారదు. వలసల చరిత్ర తీసినా పదాల జాబితా మారదు. ‘మార్చొద్దు’ అన్నది తీస్తే మాత్రం మొత్తం తారుమారు. తెలుగులో ‘కాదు’ అన్న భావం చాలాసార్లు క్రియ చివర చిన్న ముక్కగా ఉంటుంది, తొందరలో అదే ఎగిరిపోతుంది. వద్దు, మాత్రమే, ఉన్నదున్నట్టు లాంటివి అందుకే అన్నిటికన్నా ఆఖరున ముట్టుకోవాలి. అలా కోయగా మిగిలింది ఇది:

“కింది సంభాషణలోని బంధుత్వ పదాలన్నీ రాయి. ప్రతి పదం పక్కన అది వచ్చిన వాక్యం ఉన్నదున్నట్టు ఇవ్వు. పుస్తక తెలుగులోకి మార్చొద్దు. సంభాషణలో లేని పదం చేర్చొద్దు.”

దీన్ని అవ్వ మాటలకు పైన పెట్టాం. ఇరవై పదాలు, నూరు టోకెన్ల లోపు. జవాబుకు 500 వదిలాం. మిగిలిన 1400 చిల్లరలో అవ్వ మాటలు 2600 పట్టవు. కుదించే బదులు రెండుగా విడగొట్టాం. సరిగ్గా సగానికి కాదు, పెళ్ళి ముచ్చట అయిపోయి ఆస్తి సంగతి మొదలయ్యే చోట. రెండో ముక్క మీదా అదే నాలుగు వాక్యాల సూచన మళ్ళీ పెట్టాం, మొదటిది దానికి గుర్తుంటుందన్న నమ్మకం పెట్టుకోలేదు. మా స్నేహితురాలి ప్రశ్నలు కొన్ని తీసేశాం గానీ అన్నీ కాదు. “అవును, ఆయనే” అని అవ్వ అన్నచోట ప్రశ్న లేకపోతే ఆయనెవరో తెలీదు.

లక్ష పైన టోకెన్లు పట్టే మోడళ్ళు వచ్చేశాయి, ఈ గొడవెందుకు అని మీరడగొచ్చు. పట్టడం వేరు, పట్టించుకోవడం వేరు. పొడవైన పాఠంలో మొదట్లో, చివర్లో ఉన్న సంగతిని మోడళ్ళు బాగా అందుకుని, నడిమధ్యలోదాన్ని జారవిడుస్తున్నాయని 2023లో పరిశోధకులు పరీక్షించి చూపారు. ఉపోద్ఘాతం పెరిగేకొద్దీ మన అసలు సరుకు ఆ నడిమధ్యకే జరుగుతుంది.

రెండు ముక్కల జాబితాల్నీ పక్కపక్కన పెట్టి అవ్వ మాటలతో ఒక్కో వాక్యం సరిచూశాం. ‘అవ్వ’ రెండింటిలోనూ వచ్చింది. ఒకే పదమని మా స్నేహితురాలు ఒకటి కొట్టేయబోయింది. వాక్యాలు చదివితే పెళ్ళి ముక్కలోది తండ్రి తల్లి, ఆస్తి ముక్కలోది తల్లి తల్లి. ఇప్పుడామె రెండూ ఉంచి, వచ్చే ఆదివారం ఊరికి పోయి ఆ రెంటికీ పిలుపులో తేడా ఉండేదా అని అడిగి వస్తానంటోంది.