‘జరగడం జరిగింది’ ఇక వద్దు: స్టేషన్ ఘన్‌పూర్ రాతగాళ్ల ప్రణాళిక

మేము స్టేషన్ ఘన్‌పూర్‌లో కాగితాలు రాసేవాళ్లం. మాలో టీచర్లున్నారు, పంచాయతీ తీర్మానాలు రాసేవాళ్లున్నారు, ఆఫీసుల ముందు కూర్చుని పదిమందికి అర్జీలు రాసిపెట్టేవాళ్లున్నారు, యువజన సంఘాల నోటీసులు రాసే పిల్లలున్నారు. ఇకమీదట మా చేతిమీదుగా పోయే కాగితంలో పనిలేని మాట ఉండదని, పనికొచ్చే మాట ఒక్కటీ పోదని ప్రకటిస్తున్నాం. ఇందులో రెండో మాట నిలబెట్టుకోవడమే కష్టం. కత్తిరించడం ఎవరికైనా వస్తుంది. ఏది కత్తిరించకూడదో తెలియాలంటే భూమి సంగతీ, ఆఫీసు సంగతీ తెలిసి ఉండాలి.

ముందు ఒక అర్జీ చూడండి. ఇది ఏ ఒక్కరిదీ కాదు. రోజూ కనబడే అర్జీల ధోరణిలో మేమే తయారు చేసిన నమూనా.

“గౌరవనీయులైన శ్రీయుత తహసీల్దార్ గారి దివ్య సముఖమునకు వినయపూర్వకంగా సమర్పించుకొను విన్నపము ఏమనగా, మా తండ్రి గారి నుండి నాకు వారసత్వంగా సంక్రమించినటువంటి మరియు ప్రస్తుతం నా యొక్క స్వాధీన అనుభవంలో ఉన్నటువంటి వ్యవసాయ సాగు భూమికి సంబంధించి పట్టాదారు పాసు పుస్తకంలో విస్తీర్ణం విషయంలో పొరపాటున తప్పు జరగడం జరిగినది. ఇట్టి విషయమై గతంలో పలుమార్లు దరఖాస్తు చేసుకోవడం జరిగినది. కావున తమరు దయతలచి ఇట్టి విషయాన్ని సానుభూతితో పరిశీలించి తగు చర్యలు తీసుకొని నాకు తగిన న్యాయం చేయగలరని వేడుకొనుచున్నాను.”

చదివిన అధికారికి ఇంతకీ ఏం తెలిసింది? ఏ సర్వే నంబరో తెలియదు, ఎంత భూమో తెలియదు, ఎంత తగ్గిందో తెలియదు, ముందు దరఖాస్తు ఎప్పుడు ఇచ్చారో తెలియదు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఏ గడిలో ఏ అంకె మార్చాలో ఈ కాగితంలో లేదు. అదే అర్జీని మేమిలా రాస్తాం.

“తహసీల్దార్ గారికి నమస్కారం. విషయం: సర్వే నంబరు 214/అ, పాసు పుస్తకంలో 10 గుంటలు తగ్గడం గురించి. ఈ నంబరులో మా నాన్న పేరున ఉన్న 2 ఎకరాల 10 గుంటలు విరాసత్‌లో నాకు వచ్చాయి. భూమిని నేనే సాగు చేస్తున్నాను. పాత పాసు పుస్తకంలో 2 ఎకరాల 10 గుంటలు ఉంది. కొత్తదానిలో 2 ఎకరాలే పడింది. మార్చి 4న, మే 20న దరఖాస్తులు ఇచ్చాను. రెండు రసీదులు, రెండు పాసు పుస్తకాల నకళ్లు జతచేశాను. తగ్గిన 10 గుంటలు కలిపి పాసు పుస్తకం సరిచేయగలరు.”

పొడుగు పెద్దగా తగ్గలేదు. పొట్టిగా రాయడం మా లక్ష్యం కాదు కూడా. ఊక పోయిన చోట గింజ పడింది, అంతే. మా పరీక్ష కూడా ఒక్కటే: ఈ మాట తీసేస్తే చదివినవాడు చేసే పని మారుతుందా? మారకపోతే తీసేస్తాం. మారేట్టయితే, చూడటానికి ఎంత బరువుగా ఉన్నా ఉంచుతాం.

ఆ పరీక్షకు మొదట తేలిపోయేది ‘జరిగింది’. తెలుగు క్రియకు ఒక సుగుణం ఉంది. ‘ఇచ్చాను’ అంటే నేను, ‘ఇచ్చాం’ అంటే మేము, ‘ఇచ్చాడు’ అంటే అతను. చేసినవాడెవరో చెప్పే పని క్రియే చేస్తుంది. ‘ఇవ్వడం జరిగింది’ అనగానే ఆ సమాచారమంతా పోతుంది. ఎవరిచ్చినా అదే రూపం. కాబట్టి ఇది మాటను పెంచడంతో ఆగదు, ఒక వాస్తవాన్ని మింగేస్తుంది. ‘స్థలాన్ని పరిశీలించడం జరిగింది’ అని రిపోర్టులో ఉంటే సర్వేయర్ చూశాడా, ఆర్‌ఐ చూశాడా, ఎవరూ చూడకుండా రాసేశారా? రేపు కోర్టులో ఇదే ప్రశ్న వస్తుంది. ‘సర్వేయర్ పరిశీలించారు’ అని రాయడానికి వెనకాడే చోట, ఏదో దాచాల్సింది ఉందనే మేము అనుకుంటాం. అయితే ‘జరిగింది’ మీద మాకు పగేమీ లేదు. ప్రమాదం జరుగుతుంది, పెళ్లి జరుగుతుంది. చేసినవాడు తెలియనప్పుడు దొంగతనం కూడా జరుగుతుంది. చేసినవాడు తెలిసీ ఆ మాట వాడటాన్నే మేము ఒప్పుకోం.

‘ఉన్నటువంటి’, ‘చేసినటువంటి’, ‘నా యొక్క’ లాంటివాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘ఉన్న’, ‘చేసిన’, ‘నా’ చాలు. ‘తిరిగి పునఃప్రారంభం’లో ఒక తిరగడం ఎక్కువ. ‘పరస్పరం ఒకరికొకరు’ కూడా అంతే. వీటివల్ల కాగితం సాగుతుంది, అర్థం మాత్రం చెడదు. అర్థాన్ని చెడగొట్టేవి వేరే ఉన్నాయి. ‘దాదాపు 50 మందికి పైగా హాజరయ్యారు’ అని రాస్తారు. దాదాపు 50 అంటే 50కి కాస్త అటూ ఇటూ. పైగా అంటే 50 దాటారని. రెండూ కలిస్తే ఎంతమంది వచ్చారో ఎవరికీ తెలియదు. ‘కేవలం సోమవారం మాత్రమే’లో ‘కేవలం’ తీసేస్తాం గానీ ‘మాత్రమే’ను ముట్టుకోం, దాని చోటూ మార్చం. ‘సోమవారం మాత్రమే అర్జీలు తీసుకుంటారు’ అంటే మంగళవారం పోతే తీసుకోరని. ‘సోమవారం అర్జీలు మాత్రమే తీసుకుంటారు’ అంటే ఆ రోజు వేరే పని చూడరని. నోటీసు రాసే పిల్లలు దీన్ని ముఖ్యంగా గమనించాలి.

ఇక కత్తిరించకూడనివాటి సంగతి. పై అర్జీలో ‘స్వాధీన అనుభవంలో’ అన్నది జంట మాట. అందులో ఒకటి చాలని ఇంకో రూపంలో రాశాం, ‘నేనే సాగు చేస్తున్నాను’ అని. ‘పట్టా ఉందని చెప్పాక అదెందుకు?’ అని ఎవరైనా అడగొచ్చు. కానీ పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఇంకో గడి ఉండేవి. పేరు ఒకరిది, దున్నేది ఇంకొకరు కావడం మన ఊళ్లలో కొత్త కాదు. కాబట్టి అది రెండో వాస్తవం, మొదటిదాని ప్రతిధ్వని కాదు. అలాగే ‘214/అ’లో ‘/అ’ను అక్షరమే కదా అని వదిలేస్తే పక్కవాడి ‘214/ఆ’తో తగాదా మొదలవుతుంది.

గుంటల మాట కూడా అంతే. విస్తీర్ణాన్ని ‘2.10’ అని పొట్టిగా రాసే అలవాటు ఉంది. ఇక్కడ దాన్ని 2 ఎకరాల 10 గుంటలుగా చదువుతారు. ఎకరాన్ని 100 సెంట్లుగా లెక్కించే ఆంధ్ర ప్రాంతంలో అదే అంకె 2 ఎకరాల 10 సెంట్లు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 10 గుంటలంటే 25 సెంట్లు, 10 సెంట్లంటే 4 గుంటలే. ‘గుంటలు’ అన్న ఒక్క మాట వదిలేస్తే 6 గుంటల భూమి తగాదాలో పడుతుంది.

చట్టం కూడా కొన్ని పునరుక్తులను కావాలనే కాపాడింది. చెక్కు మీద డబ్బును అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాం. రెండూ వేరైతే అక్షరాల్లో ఉన్నదే లెక్క అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. అమ్మకం దస్తావేజులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు మూడూ రాసేది కూడా అందుకే. ఒకదానిలో పొరపాటు దొర్లితే మిగతావి పట్టిస్తాయి. ఇలాంటివి మా కత్తెరకు దూరం. మన ఊరి పేరునే చూడండి. ‘స్టేషన్’ దండగ మాటలా కనబడుతుంది. అది తీసేస్తే ఉత్తరం వనపర్తి జిల్లా ఖిల్లా ఘన్‌పూర్‌కు పోవచ్చు, ములుగు ఘన్‌పూర్‌కూ పోవచ్చు.

పంచాయతీ తీర్మానాల్లో కథ తలకిందులవుతుంది. ‘వీధి దీపాల మరమ్మతు నిమిత్తం అవసరమైన మేరకు నిధులు వెచ్చించుటకు సర్వసభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడం జరిగింది’ అంటారు. సర్వసభ్యులు, అందరూ, ఏకగ్రీవంగా: ఒకే సంగతి మూడుసార్లు. అసలు చెప్పాల్సిన అంకె ఒక్కసారీ లేదు. ‘3, 4 వార్డుల్లో 12 వీధి దీపాలు మార్చడానికి రూ.18,000 మించకుండా ఖర్చు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. పని నెలాఖరులోగా కార్యదర్శి చేయిస్తారు’ అని రాస్తే అదనంగా వచ్చిన మాటలన్నీ పంచాయతీ డబ్బుకు కాపలా కాస్తాయి. ‘అవసరమైన మేరకు’, ‘తగు చర్యలు’, ‘సంబంధిత అధికారులు’, ‘త్వరితగతిన’ అన్న నాలుగూ కనబడితే ఎంత, ఏ చర్య, ఏ అధికారి, ఏ తేదీ అని అడుగుతాం. జవాబు దొరికితే ఆ మాట స్థానంలో రాస్తాం. దొరక్కపోతే ఆ తీర్మానం ఇంకా పూర్తి కాలేదని సభలోనే చెబుతాం.

ఈ జంట మాటల మోజు మనకెందుకు పట్టిందో కూడా చెప్పుకోవాలి. నిజాం రాజ్యంలో దఫ్తర్ భాష ఉర్దూ. దరఖాస్తు, మంజూరు, నకలు అన్నీ అలా వచ్చి మనవైపోయాయి. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక ఆఫీసు తెలుగులో సంస్కృత మాటలు పెరిగాయి, ఇంగ్లీషు ఎలాగూ ఉంది. పాతదాన్ని వదలకుండా కొత్తదాన్ని పక్కన చేర్చుకుంటూ పోయాం. ‘మంజూరు చేసి ఆమోదించి’, ‘నకలు ప్రతి’ అలా పుట్టినవే. మూడింట్లో ఏది ఉంచాలన్న పంచాయితీ మాకు లేదు. రైతు నోట ఉన్నది ఉంచుతాం. ‘విరాసత్’ అందరికీ తెలిసిన చోట ‘వారసత్వ సంక్రమణ’ ఎందుకు?

మాలోనే ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. “గింత పొట్టిగ రాస్తే సారు సూస్తడా? వీనికి పొగరున్నదనుకుంటడు” అన్నాడు. ఆయన భయం ఉత్తది కాదు. అందుకే ‘గారు’ తీయం, ‘నమస్కారం’ తీయం. మర్యాద ఒక్కసారి చాలు, అది మొదటి వరుసలో ఉంటే చాలు. ‘దివ్య సముఖం’, ‘దయతలచి’, ‘వేడుకొనుచున్నాను’ మాత్రం తీసేస్తాం. హక్కుగా అడిగేదాన్ని దానంగా అడగకూడదన్నది మా పట్టుదల. సమాచార హక్కు దరఖాస్తుల్లో ఇది మరీ అవసరం. ఎందుకు అడుగుతున్నామో చెప్పక్కర్లేదని 2005 చట్టం 6(2) సెక్షన్ చెబుతూనే ఉంది. అయినా అరపేజీ కారణాలు, ఆరోపణలు రాసి, ఏ కాగితం కావాలో చివర్న ఒక ముక్క రాయడం మరిచిపోతాం. ఫలానా రోడ్డు పని కొలతల పుస్తకం నకలు కావాలి, ఫలానా ఆర్థిక సంవత్సరానిది అని రాస్తే చాలు.

ఈ ప్రణాళిక ఒప్పుకున్నవాళ్లు సంతకాలు పెట్టండి, ఒప్పుకోనివాళ్లు వచ్చి వాదించండి. సోమవారం ప్రజావాణికి జనగామ పోయేవాళ్లు ముందురోజే కాగితం తెచ్చి మాకు చూపించండి, డబ్బులేమీ తీసుకోం. వచ్చేటప్పుడు పాసు పుస్తకం, పాత రసీదులు తప్పకుండా తెచ్చుకోండి. అవి లేకపోతే ఎంత మంచి వాక్యం రాసినా లాభం లేదు. అర్జీ ఇచ్చాక రసీదు తీసుకోకుండా బల్ల దగ్గర్నుంచి కదలకండి.